తిరిగి రాని చీటీలు

నవంబరు, రెండో గురువారం. మధ్యాహ్నం మూడు గంటలు. కొండాపూర్, సంస్థ కార్యాలయం, మేడ మీది గది.

హాజరు: సంస్థ పనులు చూసే అమ్మాయి. మాకు సాయం చేసే కంపెనీ తరఫున మేనేజరు. మొదటి చీటీలు పంచిన వంటమనిషి. నేను.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ప్రభుత్వ గణాంక శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. ఏ సమావేశమైనా ముందు తేదీ, స్థలం, వచ్చినవాళ్ళు, ఆ తర్వాతే విషయం. రిటైరై తొమ్మిదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు ఆ పేజీ తీసి చూస్తే పై సగం అక్షరాలు ఎప్పటిలా నిలువుగా ఉన్నాయి. కింది సగం నా చేతిరాతలా లేదు.

సంస్థ అంటే ఒక జిరాక్స్ షాపు మీద రెండు గదులు. కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న అపార్టుమెంట్లలో, తాము పనిచేసే ఇంట్లోనే రాత్రింబవళ్ళు ఉండిపోయే ఆడవాళ్ళ కోసం పెట్టారు. వంట చేసేవాళ్ళు, పిల్లల్ని చూసేవాళ్ళు, మంచం పట్టిన పెద్దవాళ్ళకు సేవ చేసేవాళ్ళు. వాళ్ళకు రెండు సదుపాయాలున్నాయి. ఒకటి, పగటి పూట ఎప్పుడైనా చేసి మాట్లాడుకోగల ఫోను లైను. రెండోది, లింగంపల్లి స్టేషన్ దగ్గర ఒక గది. ఆదివారం అక్కడికి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, నిద్రపోవచ్చు, తలంటుకోవచ్చు. ఈ రెండింటికీ ఆసరా ఆ కంపెనీయే. వచ్చే ఏడాది కూడా ఇవి నడవాలా వద్దా అన్నది మర్నాడు, శుక్రవారం ఉదయం పది గంటలకు, హైటెక్ సిటీలోని వాళ్ళ ఆఫీసులో తేలుతుంది. తేల్చడానికి ఒక సర్వే కావాలని వాళ్ళే అడిగారు. ఆ సర్వే పద్ధతి నిర్ణయించింది నేను. పట్టికలు సరిచూసిందీ నేనే.

నా ఉద్యోగమంతా జాబితాల మీద నడిచింది. బాచుపల్లి చుట్టూ ఇంకా పొలాలున్న రోజుల్లో ఇంటింటికీ తిరిగి గోడల మీద సుద్దముక్కతో అంకెలు వేసేవాళ్ళం. అన్ని ఇళ్ళూ జాబితాలోకి ఎక్కాక, అందులోంచి లెక్క ప్రకారం కొన్ని ఇళ్ళు తీసేవాళ్ళం. ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలుసు. అందుకే నూరిళ్ళు చూసి పదివేల ఇళ్ళ గురించి మాట్లాడే హక్కు మాకుండేది. తప్పు ఎంత ఉండొచ్చో కూడా చెప్పగలిగేవాళ్ళం.

ఇళ్ళలో ఉండిపోయే ఈ ఆడవాళ్ళకు జాబితా లేదు. గేటు దగ్గర రిజిస్టరులో రోజూ వచ్చిపోయే పనివాళ్ళ పేర్లుంటాయి. వీళ్ళు రారు, పోరు. సెక్యూరిటీ వాళ్ళకు వీళ్ళు ఆ ఫ్లాటులో భాగం. తలుపు తట్టి అడిగితే యజమానురాలే జవాబు చెబుతుంది. అందుకని స్నోబాల్ పద్ధతి ఎంచుకున్నాం. మాకు తెలిసిన ముగ్గురు ఆడవాళ్ళతో మొదలుపెట్టాం. ఒక్కొక్కరికీ అంకె వేసిన మూడు చీటీలు ఇచ్చాం. తమలాంటి పనిలో ఉన్న ముగ్గురికి వాటిని ఇవ్వాలి. ఆ చీటీ పట్టుకుని వచ్చినామెతో మాట్లాడి, ఆమెకూ మూడు చీటీలు. అలా ఒకరి నుంచి ఒకరు పెరుగుతూ పోతారు. ఏ అంకె ఎవరి చేతి నుంచి ఎవరికి వెళ్ళిందో నా పుస్తకంలో ఉంటుంది. చీటీ వెనక ఫోను లైను నంబరు అచ్చు వేయించాం.

నియమాలు నేను రాశాను. యజమానుల ఇంట్లో మాట్లాడించకూడదు. ఫోనులో ప్రశ్నలు అడగకూడదు, పక్కన ఎవరుంటారో తెలియదు. చీటీ తీసుకుని స్వయంగా రావాలి. లింగంపల్లి గదికి, ఆదివారం, పది నుంచి నాలుగు లోపల. గుట్టు కాపాడటానికే ఆ నియమాలు. రాసినప్పుడు నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

పదకొండు ఆదివారాల్లో నూట పద్దెనిమిది మంది వచ్చారు.

గురువారం మేనేజరు లాప్‌టాప్ తెరిచి మా వైపు తిప్పాడు. నలభై లోపు మనిషి, భీమవరం వైపు వాడు, మర్యాదస్తుడు. మెడలో కంపెనీ ట్యాగు తీయడం మరిచిపోయి వచ్చాడు.

“మేడమ్ గారూ, రేపటి స్లైడ్స్ అండి. అంకెలన్నీ మీ టేబుల్స్‌లోవే. ఒక్కసారి చూసేస్తే ఫ్రీజ్ చేసేస్తాను.”

నాలుగో స్లైడు మీద పెద్ద అక్షరాలు: సైబరాబాద్‌లో ఇళ్ళలోనే ఉండి పనిచేసే మహిళల్లో తొంభై రెండు శాతం మందికి వారపు సెలవు ఉంది. దాని కింద చిన్న అక్షరాలు: బయటికి రాగలరు కనుక ఫోను లైను అవసరం తక్కువ. ఆ సాయాన్ని వృత్తి శిక్షణకు మళ్ళించవచ్చు.

నేను భాగహారం చూశాను. నూట పద్దెనిమిదిలో నూట తొమ్మిది. తొంభై రెండు పాయింట్ నాలుగు. సరిగ్గానే ఉంది. మూడు రోజుల క్రితం ఆ పట్టిక కింద “సరిచూశాను” అని సంతకం పెట్టింది నేనే.

కానీ నా పట్టికలో “సైబరాబాద్‌లో” అన్న మాట లేదు. “మాట్లాడిన నూట పద్దెనిమిది మందిలో” అని ఉంది.

“ఈ వాక్యం మార్చాలి” అన్నాను. “ఇది అందరి గురించీ చెబుతోంది. మనం చూసింది మన దగ్గరికి వచ్చినవాళ్ళనే.”

“శాంపిల్ అంటే అంతే కదండీ. నూట పద్దెనిమిది మంది తక్కువేం కాదు. మా ప్రొడక్ట్ సర్వేలు అరవై మందితో చేసేస్తాం.”

“ఎంతమంది అన్నది కాదండీ. ఎలా వచ్చారన్నది. ఇక్కడ ఎవరికి ఎంపికయ్యే అవకాశం ఎంతో మనకు తెలియదు. పది మంది తెలిసినామెకు పది వైపుల నుంచి చీటీ రావచ్చు. ఎవరూ తెలియనామెకు ఏ వైపు నుంచీ రాదు. ఇంకో వెయ్యి మందిని ఇదే దారిలో తెచ్చినా ఆ తేడా పోదు.”

“దానికి వెయిటింగ్ ఇస్తారని చదివాను మేడమ్. ఎక్కువ మంది తెలిసినవాళ్ళకి తక్కువ వెయిటు.”

చదివే వచ్చాడు. అందుకు నాకు సంతోషం కలగాలి.

“ఇస్తారు. కొన్ని షరతులున్నాయి. వాళ్ళంతా ఏదో ఒక దారిలో ఒకరికొకరు తగిలి ఉండాలి. ఎవరు ఎంతమందికి తెలుసో సరిగా చెప్పాలి. తెలిసినవాళ్ళలో ఎవరికి పడితే వాళ్ళకు చీటీ ఇవ్వాలి, దగ్గరివాళ్ళనే ఏరుకోకూడదు. అన్నీ కుదిరినా, అసలు రానామెకు ఎంత వెయిటు ఇస్తారు?”

పక్కనే అంతసేపూ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వంటమనిషి నవ్వింది. ఆమెది పరిగి దగ్గర పల్లె. యాభై దాటాయి. కొత్తగూడ వైపు ఒక పెద్ద సముదాయంలో పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి వండుతోంది. ఆ ఇంటివాళ్ళు ఆమెను సొంత మనిషిలా తిరగనిస్తారు. ఆ రోజు కూడా కూరగాయలకని చెప్పి వచ్చింది. చీటీలు ఎవరికి ఎలా చేరాయో చెప్పడానికి మేమే రమ్మన్నాం. మా ముగ్గురు మొదటివాళ్ళలో ఆమె ఒకతె. నూట పద్దెనిమిదిలో ఎనభై నలుగురు ఆమె గొలుసులోంచే వచ్చారు. రెండో ఆమె గొలుసులో ఇరవై తొమ్మిది మంది. మూడో ఆమెది జార్ఖండ్; ఆమెతో కలిపి అయిదుగురికే ఆగిపోయింది. ఆమెకు తెలిసినవాళ్ళే అంతమంది.

“నవ్వుతావేంటి?” అన్నాడు మేనేజరు.

“ఏం లేదు సార్. ఐతారం సెలవు ఉన్నదా అని ఐతారం నాడు పిలిచి అడిగిండ్రు. ఉన్నది గాబట్టే వచ్చినం. లేనిది ఎట్లొస్తది?”

జిరాక్స్ మెషిను చప్పుడు కింద నుంచి వినిపిస్తోంది. సంస్థ అమ్మాయి పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. నేను డైరీలో ఆ మాట రాసుకోబోయి, సగంలో ఆగాను.

ఎవరూ తెలియనివాళ్ళు మనకు అందకపోవడం పద్ధతి లోపం. దాని గురించి నేను పాఠం చెబుతున్నాను. కానీ ఇది పద్ధతి లోపం ఒక్కటే కాదు. ఆదివారం స్వయంగా రావాలని నియమం పెట్టింది నేను. ఆదివారం రాగలిగినవాళ్ళను మాత్రమే లోపలికి రానిచ్చి, మీకు ఆదివారం రావడానికి వీలుందా అని అడిగాను. లేదన్న తొమ్మిది మంది కూడా ఆ ఒక్క పూటకు బతిమాలుకుని వచ్చినవాళ్ళే; అది నా పుస్తకంలో నా చేత్తోనే రాసి ఉంది. ఆ అంకెను భాగించి, శాతం తీసి, సంతకం పెట్టాను.

“అందరూ వచ్చారు కదా, నువ్వు ఇచ్చిన చీటీల వాళ్ళు?” అని అడిగాను.

“ఇద్దరొచ్చిండ్రమ్మా. ఒకామె రాలే.”

“ఎవరు?”

“పక్క టవర్ల పంతొమ్మిదో అంతస్తు ఆమె. మంచంల ఉన్న ముసలామెను చూసుకుంటది. వానకాలం నుంచి కిందికి దిగింది లేదు. చెత్త బయట పెట్టేటప్పుడు సర్వీసు లిఫ్టు కాడ జర కనవడతది, గంతే. కెమెరా ఉంటది ఆడ. చీటీ ఎట్లిస్త? కరివేపాకు కట్టల పెట్టిచ్చిన. మీ అమ్మగారు అడిగిండ్రు, తీస్కో అని చెప్పి.”

“ఆమె కరివేపాకు పారేసి ఉంటే?” అంది సంస్థ అమ్మాయి.

“పారెయ్యది. మర్నాడు ఖాళీ రబ్బరుబ్యాండు నాకు తిరిగిచ్చింది.”

మేనేజరు గడియారం చూసుకున్నాడు. అతని మీద నాకు కోపం లేదు. నాలుగున్నరకు ఇంకో మీటింగు ఉందని వచ్చినప్పుడే చెప్పాడు.

“మేడమ్ గారూ, నాకు అర్థమైందండి. కానీ రేపు మా పెద్దావిడ అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతమంది’ అని. తొంభై రెండు తీసేస్తే ఆ ఖాళీలో ఏం పెట్టమంటారు? పైగా కింద మీ సంతకం ఉంది.”

“రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి చెబుతాను.”

“అంతకన్నా ఆలస్యం అయితే నా చేతుల్లో ఉండదండీ” అని చెప్పి వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు ఆగింది.

సంస్థ అమ్మాయి ముందుగా లేచింది. నల్గొండ పిల్ల, సోషల్ వర్క్ చదివింది, ఇరవై ఏడేళ్ళు. ఫోను లైను ఆమే మొదలుపెట్టింది. అది ఆగిపోతుందన్న భయంతో వారం రోజులుగా సరిగా తినడం లేదని నాకు తెలుసు.

“మేడమ్, మొత్తం ఎన్ని చీటీలిచ్చినం?”

పుస్తకం చూడకుండానే చెప్పాను. “ఎనభై మందికి మూడేసి. రెండు వందల నలభై. చివరి రెండు వారాలూ వచ్చిన ముప్పై ఎనిమిది మందికి ఇవ్వలేదు, ఆపేయాలనుకున్నాం కదా.”

“వాపస్ వచ్చినవి?”

“నూట పదిహేను. మొదటి ముగ్గురు చీటీ లేకుండానే వచ్చారు.”

“అంటే నూట ఇరవై అయిదు రాలేదు. సగం కన్నా ఎక్కువ!” ఆమె ముఖం వెలిగింది. “గదే రాద్దాం మేడమ్. యాభై రెండు శాతం మందికి సెలవు లేదు. మన చీటీలే సాక్ష్యం. ఆయనకు నంబర్ కావాలె కదా, ఇస్తం.”

ఆ వెలుగు చూసి, అవును అనేయాలని ఒక్క క్షణం అనిపించింది. ఆ అంకె మా అవసరానికి అచ్చంగా సరిపోతుంది. మర్నాడు ఎవరూ ప్రశ్నించరు.

“రాయకూడదమ్మా.”

“ఎందుకు?”

“రాని చీటీ ఎందుకు రాలేదో మనకు తెలియదు. ఒకామెకు సెలవు లేకపోవచ్చు. ఒకామె ఊరెళ్ళి ఉండొచ్చు. ఒకామెకు మనమంటే నమ్మకం లేకపోవచ్చు. చీటీ తీసుకున్నామె ఎవరికీ ఇవ్వకుండా సంచీలోనే పెట్టుకుని ఉండొచ్చు. ఆయన రాగలిగినవాళ్ళను చూపించి అందరూ అంటున్నాడు. మనం రానివాళ్ళను చూపించి సగం అంటే అది కూడా అదే తప్పు.”

“ఆయన తప్పు చేస్తే లైను బంద్ అయితది. మనం చేస్తే ఉంటది. ఫరక్ లేదా మేడమ్?”

కుర్చీలో వెనక్కి వాలాను. వంటమనిషి నా వంకే చూస్తోంది.

“అమ్మా, సారు లెక్కల పంతొమ్మిదో అంతస్తు ఆమె లేదు. చెల్లె లెక్కల పెడ్తానంటే నువ్వు వద్దంటవు. ఇగ ఆమె ఏడున్నట్టు?”

ఎగతాళిగానే అంది. కానీ ఆ మాట నన్ను పాత చోటికి తీసుకెళ్ళింది. ఇళ్ళ జాబితా రాసేటప్పుడు తలుపుకు తాళం ఉంటే, కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఆ ఇంటిని వదిలేసి పక్కింటికి పోయేవాళ్ళు. పట్టుకుని చీవాట్లు పెట్టేదాన్ని. తాళం ఉన్న ఇంటిని కొట్టేయకూడదు, ఎవరూ లేరని రాయకూడదు, లోపలివాళ్ళు ఇలా ఉంటారని ఊహించీ రాయకూడదు. “తాళం, మళ్ళీ వెళ్ళాలి” అని రాయాలి. మూడుసార్లు వెళ్ళాలి. చివరికి తెరవకపోతే, తెరవని ఇళ్ళు ఇన్ని అని నివేదికలో మొదటి పేజీలోనే చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళు ఇది నేర్పిన మనిషిని, నూట ఇరవై అయిదు తాళాలను నా పుస్తకంలో “వృథా” అన్న ఒకే మాట కింద పడేశాను.

“ఫోను రిజిస్టరు తీసుకురా” అన్నాను.

అది పొడుగాటి ఖాకీ రంగు అట్ట పుస్తకం. తేదీ, సమయం, ఏం అడిగారు, ఏం చెప్పాం. చివరి గడిలో అక్కడక్కడ ఒక అంకె ఉంది.

“ఈ అంకెలేమిటి?”

“ఫోన్ చేసినోళ్ళు చెప్తరు మేడమ్. చీటీ మీది నంబరుకు చేస్తున్నం కదా, దవాఖానల టోకెన్ లెక్క అది చెప్పాలె అనుకుంటరు. ‘నా నంబరు నూట అరవై మూడు’ అంటరు. మనకేం అవసరమని ఊరికే రాసి పెట్టిన.”

చీటీ వెనక నంబరు చూసి ఫోను చేసినవాళ్ళు, చీటీ ముందున్న అంకె చదివి చెప్పారు. ఈ అమ్మాయి రాసింది. నేను ఆ పుస్తకం ఎప్పుడూ తెరవలేదు. అది సర్వే కాదు కదా అని.

అయిదు నుంచి ఏడు దాకా కూర్చున్నాం. వంటమనిషి కూరగాయల సంచీ భుజాన వేసుకుని అయిదున్నరకే వెళ్ళింది. ఫ్లైఓవర్ మీద బళ్ళ దీపాలు ఒకదానికొకటి అంటుకుని కదలకుండా ఉన్నాయి. అమ్మాయి రిజిస్టరులోని అంకెలు చదివింది, నేను తిరిగి రాని వాటి జాబితాలో వెతికాను. ప్రతి అంకెకూ చూపుడువేలు పెట్టి రెండుసార్లు చూశాను. సంతకం పెట్టిన చేతి మీద నాకు నమ్మకం పోయింది.

పదిహేడు అంకెలు కలిశాయి. పదిహేడు మంది చీటీ అందుకున్నారు, గదికి రాలేదు, ఫోను చేశారు. అన్నీ మామూలు రోజుల్లోనే, ఎక్కువగా మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర మధ్య. ఇంట్లో పెద్దవాళ్ళు కునుకు తీసే వేళ. వాళ్ళలో పదకొండు మంది రావడం కుదరదని చెప్పారు: పంపరు, తాళం ఉంటుంది, పాప నిద్ర లేస్తుంది, ఫోను అమ్మగారిది. మిగతా ఆరుగురు కారణం చెప్పలేదు. ఆ ఆరుగురి పక్కన నేను ఏమీ రాయలేదు.

వంటమనిషికి మొదట ఇచ్చినవి ఒకటి, రెండు, మూడు. ఒకటి, మూడు వచ్చాయి. రెండో అంకె రిజిస్టరులో ఎక్కడా లేదు. పంతొమ్మిదో అంతస్తు నుంచి ఫోను కూడా రాలేదు. నేను మూడోసారి మొదటి నుంచి వెతకబోతే అమ్మాయి పుస్తకం మూసేసింది.

“లేదు మేడమ్.”

మూసాపేటలో మా ఇంటికి తిరిగివచ్చే దారంతా, అమీర్‌పేటలో రైలు మారుతున్నప్పుడు కూడా, మర్నాడు నా నోటి నుంచి రావలసిన వాక్యాలు లెక్కపెట్టుకున్నాను. ఎన్ని రకాలుగా చెప్పుకున్నా వాటిలో ‘ఎంతమంది’ అన్నదానికి జవాబయ్యే అంకె లేదు. అంకె లేకుండా ఒక్క ప్రభుత్వ సమావేశంలోనూ నేను మాట్లాడి ఎరగను. ఇంటికి వెళ్ళి ఒక కాగితం మీద రాశాను, కొట్టేశాను, రాశాను. ఒక పేజీ దాటకుండా.

శుక్రవారం తొమ్మిదింబావుకల్లా హైటెక్ సిటీ స్టేషన్ దిగాను. కంపెనీ గేటు దగ్గర విజిటర్ పాసుకు పావుగంట పట్టింది. ఎవరిని కలవాలి, ఏం పని, బ్యాగులో ఏముంది. డైరీ తీసి చూపించాను. లోపల మేనేజరు లిఫ్టు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. కాగితం ఇచ్చాను. నిలబడే చదివాడు.

“ఇందులో మొదటి లైనే మీ తప్పు అని ఉందండీ.”

“అవును. అది ముందు లేకపోతే మిగతాది అర్థం కాదు.”

“స్లైడు తీసేయమంటారా?”

“తీసేయండి. కాదంటే నా సంతకం తీసేయండి.”

లిఫ్టులో లాప్‌టాప్ తెరిచి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఏదో నొక్కాడు.

గదిలో కంపెనీవాళ్ళు ఆరుగురున్నారు; సంస్థ అమ్మాయి అప్పటికే వచ్చి నా కోసం పక్కన కుర్చీ ఉంచింది. వాళ్ళ పెద్దావిడ సరిగ్గా అతను చెప్పినట్టే అడిగింది. “సో, ఎంతమందికి సెలవు లేదు?”

“తెలియదండీ” అన్నాను. “ఈ సర్వేతో తెలియదు. చీటీ అందనివాళ్ళు ఇందులోకి రారు, అది పద్ధతికి ఉన్న పరిమితి; నేను పెట్టిన నియమం వల్ల వచ్చిన తప్పు ఇంకొకటి. ఆదివారం రమ్మన్నాను. ఆదివారం రాగలిగినవాళ్ళు వచ్చారు. తొంభై రెండు అన్న అంకె వాళ్ళ గురించి మాత్రమే.”

“మరి ఈ సర్వే వల్ల మాకు తెలిసిందేమిటి?”

“సెలవు లేనివాళ్ళు ఉన్నారని తెలిసింది. ఎంతమందో కాదు, ఉన్నారని. పదిహేడు మంది గదికి రాకుండా ఫోను చేశారు. అందులో పదకొండు మంది రాలేకపోయామని చెప్పారు. ఒకరి నుంచి ఒకరికి చీటీ ఏ దారిలో వెళ్తుందో తెలిసింది. ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసింది. గదికి రాలేని మనిషి ఫోనులో అందింది. ఫోను ఆపేస్తే ఆమె ఉన్నట్టు కూడా మనకు తెలియదు.”

ఆమె మేనేజరు వైపు తిరిగింది. “నిన్న మీరు పంపిన దాంట్లో నంబర్ ఉంది కదా?”

అతను ట్యాగు సర్దుకున్నాడు. “అది తప్పుగా చదివానండి. వచ్చినవాళ్ళను బట్టి రానివాళ్ళ గురించి చెప్పేశాను.”

అలా అంటాడని నేను అనుకోలేదు. సంస్థ అమ్మాయి బల్ల కింద నా మోచెయ్యి పట్టుకుంది.

వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. పదీ యాభైకి తేలింది. ఫోను లైను వచ్చే ఏడాదీ ఉంటుంది. ఆదివారం గది సంగతి ఇంకో నెల తర్వాత చూస్తారు. దానికేం భరోసా ఇవ్వలేమన్నారు. తర్వాతి విడతలో ఫోను మీద, ఏ రోజైనా, ఆమెకు వీలైన వేళలో మాట్లాడే ఏర్పాటు రాసి ఇమ్మన్నారు. అప్పుడు కూడా శాతాలు చెప్పలేనని నేను అన్నాను. పెద్దావిడ నవ్వలేదు, సరే అంది.

బయటికి వచ్చి మెట్రో మెట్ల దగ్గర నీడలో నిలబడ్డాం. అమ్మాయి వంటమనిషికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. అవతల కుక్కరు కూస్తోంది.

“ఉన్నదా, పోయిందా?”

“ఉన్నదక్కా. ఫోను ఉన్నది. గది పక్కా కాదు.”

“మన లెక్కల పెద్దమ్మ ఏం చెప్పింది సార్లకు?”

“తెల్వదని చెప్పింది.”

అవతల పకపకా నవ్వు. “గిదా పొద్దంతా కూసోని రాసింది? గా మాట నన్నడిగితే నిన్ననే చెప్తుంటి.”

నాకూ నవ్వొచ్చింది. అది ఆగాక, పక్క టవరు ఆమె కనిపించిందా అని అడిగాను.

“పొద్దుగాల చెత్త పెట్టింది. తలుపు వారగా తీసి డబ్బా బయట పెట్టి మళ్ళ ఏసుకుంది. చెయ్యి ఒక్కటే కనవడ్డది. అమ్మా, ఇంకో చీటీ ఉన్నదా? ఆ చీటీ ఎవరన్న చూసి చింపిండ్రో ఏమో. రేపు కొత్తిమీరల పెడ్త.”

ఉందని చెప్పాను. మెట్ల పక్క గట్టు మీద కూర్చుని డైరీ తీశాను. తిరిగి రాని అంకెల జాబితా పైన నిన్నటిదాకా ఉన్న “వృథా” అన్న మాట కొట్టేశాను. రెండో అంకె ఎదురుగా, శాఖలో రాసినట్టే రాశాను: తాళం. మళ్ళీ వెళ్ళాలి.